‘జ పాస్రే’ అన్న ప్లంబర్ వస్తాడా?

లియోఁలో చదువుకునే రోజుల్లో, ఓ చలికాలం నేను అద్దెకున్న గదిలో సింకు కింద గొట్టం కారడం మొదలైంది. ఇంటావిడ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే ప్లంబర్ ఓపికగా అంతా విని, చివర్లో ‘జ పాస్రే’ అన్నాడు. అంటే వస్తాను అని. నాకు ప్రాణం లేచొచ్చింది. కింద బకెట్ పెట్టి ఎదురుచూశాను. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. మూడోరోజు బకెట్ పారబోస్తుంటే పక్కవాటాలో ఉండే పెద్దావిడ చూసి విషయం అడిగింది. చెప్పాను. ఆవిడ ఒకటే ప్రశ్న వేసింది: “అతను సరిగ్గా ఏమన్నాడు? ‘జ పాస్రే’ అన్నాడా, ‘జ పాస్’ అన్నాడా?” ‘జ పాస్రే’ అనే అన్నాడని చెప్పాను. “అయితే అతని పుస్తకంలో మీ పేరు ఇంకా ఎక్కలేదు. మళ్లీ ఫోన్ చేయండి. ‘జ పాస్ దమేఁ మతేఁ’ అనేదాకా వదలకండి” అంది.

మళ్లీ చేశాను. ఏ రోజు, ఎన్నింటికి అని గట్టిగా అడిగాను. కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత ‘జ పాస్ దమేఁ మతేఁ’ అన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చాడు.

ఆవిడ చెప్పింది అప్పటిదాకా నేను చదివిన ఏ వ్యాకరణ పుస్తకంలోనూ లేదు. రేపటి సంగతి చెప్పడానికి ఫ్రెంచివాళ్లకు మూడు దారులున్నాయి. ఒకటి ‘ఫ్యుత్యుర్ సేఁప్ల్’, అంటే క్రియ తోకలోనే భవిష్యత్తు ఉండేది: జ పాస్రే. రెండోది ‘ఫ్యుత్యుర్ ప్రొష్’, అంటే ‘వెళ్లు’ అనే క్రియను ముందు పెట్టి అసలు క్రియను వెనక తగిలించేది: జ వే పాసే. మూడోది మామూలు వర్తమానం, పక్కన ఓ రోజో వేళో చెబితే చాలు: జ పాస్ దమేఁ. ‘ప్రొష్’ అంటే దగ్గరిది. అందుకే తరగతిలో దగ్గరి భవిష్యత్తుకు ప్రొష్, దూరపు భవిష్యత్తుకు సేఁప్ల్ అని చెబుతారు. పరీక్షలో మార్కులకు ఆ సూత్రం సరిపోతుంది. గొట్టం కారేటప్పుడు మాత్రం సరిపోదు.

(ఇక్కడ ఫ్రెంచి మాటల్లో అరసున్న కనిపించినచోట గాలిని కాస్త ముక్కులోంచి వదలాలి. ‘దమేఁ’ అంటే రేపు, ‘మతేఁ’ అంటే పొద్దున.)

ఆ సూత్రం ఎంత బలహీనమో ఒక్క ఉదాహరణతో తేలిపోతుంది. సూర్యుడు అయిదు వందల కోట్ల ఏళ్ల తర్వాత ఆరిపోతాడని చెబుతూ ఫ్రెంచి మాస్టారు హాయిగా ‘వా’ పెట్టి ‘దగ్గరి’ భవిష్యత్తులోనే చెప్పగలడు. అయిదు నిమిషాల్లో అక్కడుంటాను అనే మనిషి ‘జ సరే లా’ అని ‘దూరపు’ భవిష్యత్తు వాడగలడు. రెండూ తప్పు కాదు. గడియారంతోనూ క్యాలెండరుతోనూ ఈ తేడాను కొలవలేం.

మరి దేనితో కొలవాలి? ఫ్రెంచి ఉపాధ్యాయులకు బాగా ఇష్టమైన జంట ఒకటుంది. ‘ఎల్ వా అవ్వార్ అన్ ఆఁఫాఁ’ అంటే ఆమెకు బిడ్డ పుట్టబోతోంది. ఈ మాట విన్నవాళ్లు వెంటనే ఎన్నో నెల అని అడుగుతారు. ‘ఎల్ ఓరా అన్ ఆఁఫాఁ’ అంటే ఆమెకు ఓ బిడ్డ కలుగుతుంది. ఇది విన్నవాళ్లు ఎన్నో నెల అని అడగరు. అది జోస్యం కావచ్చు, దీవెన కావచ్చు, ఎప్పటికో కన్న కల కావచ్చు. మొదటి వాక్యంలో రేపటికి కావలసిన విత్తనం ఇవాళే కడుపులో పడి ఉంది. రెండోదానికి ఇవాళ్టితో ఏ బొడ్డుతాడూ లేదు. నా లెక్కలో అసలు తేడా ఇదే. ప్రొష్‌లో భవిష్యత్తు మాట్లాడే క్షణంలోంచే మొలుస్తుంది. సేఁప్ల్‌లో అది ఈ క్షణం నుంచి తెగి, విడిగా నిలబడి ఉంటుంది.

అందుకే మబ్బు కమ్మింది చూసి గొడుగు తీసుకునేవాడు ‘ఇల్ వా ప్లెవ్వార్’ అంటాడు, వాన పడేలా ఉందని. టీవీలో వాతావరణం చెప్పేవాళ్లు బ్రెతాఞ్ ప్రాంతంలో రేపు వర్షం పడుతుందని చెప్పేటప్పుడు ‘ఇల్ ప్లెవ్రా’ అనడం ఎక్కువ. మొదటివాడి కంటి ముందు మబ్బుంది, రెండోవాళ్ల చేతిలో అంచనా ఉంది. చెట్టెక్కిన పిల్లవాణ్ని చూసి తల్లి ‘త్యు వా తోఁబే!’ అని అరుస్తుంది. అంటే పడతావ్ రా అని. ఆ చోట ‘త్యు తోఁబ్రా’ అని ఏ తల్లీ అరవదు. అంటే అది ఏ సాధువో నువ్వు ఒకరోజు పడతావు నాయనా అని జోస్యం చెప్పినట్టుంటుంది.

ఇక్కడే తెలుగువాళ్లం పప్పులో కాలేస్తాం. దానికి కారణం చాలా ఆసక్తికరమైనది. పైన తల్లి అరుపును నేను ‘పడతావ్’ అని తెలుగు చేశాను, ‘పడబోతున్నావ్’ అనలేదు. మన -తా రూపం చాలా పెద్ద గొడుగు. రోజూ చేసేదీ, రేపు చేసేదీ, ఇప్పుడే జరగబోయేదీ, ఎప్పటికో జరిగేదీ అన్నీ దాని కిందికే వస్తాయి. దాంతో ‘వస్తాను’, ‘చేస్తాను’, ‘పంపిస్తాను’ అనుకున్నప్పుడల్లా తెలుగు విద్యార్థి చెయ్యి తనకు తెలియకుండానే ఫ్యుత్యుర్ సేఁప్ల్ మీదికి పోతుంది. రెండూ ఒక్క మాటలో, తోకతో భవిష్యత్తు చెబుతాయి గదా అన్న పోలిక మోసం చేస్తుంది.

ఇంకో పోలిక ఇంతకంటే లోతుగా మోసం చేస్తుంది. ‘చేయబోతున్నాను’ అనే మాటను విప్పి చూడండి: చేయన్ + పోతున్నాను. ద్రుతం మీద పరుషం సరళమై ‘ప’ కాస్తా ‘బ’ అయింది. అంటే అందులో ఉన్నది ‘పోవు’ క్రియే. ఫ్రెంచి ‘జ వే ఫేర్’లో ఉన్న ‘వే’ కూడా పోవడమే: ‘వెళ్తున్నాను చేయడానికి’ అన్న కట్టు. ఒకదానితో ఒకటి ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు రేపటిని చెప్పడానికి కాళ్లనే నమ్ముకున్నాయి. మొదటిసారి ఇది గమనించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

కానీ పుట్టుక ఒకటే అయినా పెరిగిన ఇళ్లు వేరు. తెలుగులో -బోతున్నాను కాస్త ప్రకటనలా ఉంటుంది. మంత్రిగారు వంతెన ప్రారంభించబోతున్నారు అని పేపర్లో చదువుతాం. వంటింట్లో ‘నేను పప్పు తాళింపు పెట్టబోతున్నాను’ అని ఎవరూ అనరు, ‘పెడతాను’ అంటారు. ఫ్రెంచిలో ఇది తలకిందులు. అక్కడ ‘వే’ కట్టు వంటింటిది, వీధిది, పిల్లలు ముందుగా నేర్చుకునేది. అధ్యక్షుడు ఫలానా ఊరు వెళ్తారని రాసే పత్రికలకే సేఁప్ల్ మీద మోజు. కాబట్టి మన వంటింటి -తాను అక్కడ చాలాసార్లు ‘వే’ కట్టు అవుతుంది, మన పత్రికల -బోతున్నారు అక్కడ చాలాసార్లు తోక భవిష్యత్తు అవుతుంది. రెండు భాషలూ కచ్చితంగా కలిసే చోటు ఒకటుంది, అది గతంలో ఉంది. ‘బయల్దేరబోతుంటే ఫోన్ మోగింది’ అన్నప్పటి ‘బయల్దేరబోతుంటే’కి ఫ్రెంచిలో ‘జాలే పార్తీర్’ అంటారు. అక్కడా పోవడమే, అదీ గతంలోకి జరిపిన పోవడం. ఆ ఒక్కచోట తెలుగు చెవిని కళ్లు మూసుకుని నమ్మవచ్చు.

ఇక వర్తమానం సంగతి. ఇది మనకు చాలా తేలిక, ఎందుకంటే మనమూ అచ్చం ఇలాగే మాట్లాడతాం. ‘రేపు హైదరాబాద్ వెళ్తున్నా’ అన్నామంటే టికెట్ కొన్నట్టో, కనీసం ఇంట్లో చెప్పేసినట్టో లెక్క. ‘జ పార్ దమేఁ’ కూడా అంతే. నిర్ణయం అయిపోయింది, రోజు కుదిరింది, ఇక మాట్లాడేవాడు తన కోరికను గానీ అంచనాను గానీ చెప్పడం లేదు, పుస్తకంలో రాసున్నది చదువుతున్నాడు. ప్లంబర్ కాగితాలు తిప్పిన తర్వాతే వర్తమానంలోకి వచ్చింది అందుకే. ఒక్క షరతు. ‘రేపు’, ‘శనివారం’, ‘వచ్చే నెల’ లాంటి మాట పక్కన ఉండాలి, లేదా సందర్భమే దాన్ని చెబుతుండాలి. ఏమీ లేకుండా ‘జ పార్’ అంటే ఇప్పుడే లేచి వెళ్లిపోతున్నానని అర్థం. కేఫేలో వెయిటర్‌ను పిలిస్తే రెండు చేతుల్లో పళ్లేలతో అవతలి బల్ల వైపు నడుస్తూనే ‘జారీవ్!’ అంటాడు, అంటే వస్తున్నా అని. ఇంకా రాలేదు, ఇటు అడుగు కూడా పడలేదు. అయినా అది అబద్ధం కాదు. అమ్మ పిలిస్తే పక్కగదిలోంచి కదలకుండానే ‘వస్తున్నా’ అన్న మనకు అది వేరే చెప్పనక్కర్లేదు.

వర్తమానానికి చేతకానిది ఒకటుంది. మనుషుల చేతిలో లేనివాటిని అది మోయలేదు. రైలు రేపు ఎనిమిదింటికి బయల్దేరుతుందని వర్తమానంలో చెప్పవచ్చు, టైంటేబుల్ ఉంది గనక. రేపు జ్వరం వస్తుందని వర్తమానంలో చెప్పలేం.

ఈ మూడింటిలో నాకు అన్నిటికన్నా వింతగా తోచేది ఫ్యుత్యుర్ సేఁప్లే. ప్లంబర్ నోట అది అతి పలచని మాట. తెలుగులో సరిగ్గా చెప్పాలంటే ‘వస్తాను’ కాదు, ‘వస్తాలే’. తేదీ లేదు, కట్టుబాటు లేదు. అదే రూపం ప్రేమికుడి నోట ‘జ తెమ్రే తూజూర్’ అయినప్పుడు, నిన్ను ఎప్పటికీ ప్రేమిస్తాను అన్నప్పుడు, ఫ్రెంచిలో అంతకంటే బరువైన మాట లేదు. అక్కడ ‘వే’ కట్టు పెడితే, ఇదిగో ఇప్పుడు మొదలెడుతున్నా, ఎప్పటికీ ప్రేమించడం అన్నట్టు వింతగా ఉంటుంది. ఒకే తోక అతి తేలిక మాటకూ అతి బరువు మాటకూ ఎలా సరిపోయింది? నాకు తోచిన జవాబు ఇది. ఈ రూపం భవిష్యత్తును ఇవాళ్టి నుంచి తెంపేస్తుంది. తెగిన తర్వాత దానికి ఆధారంగా మబ్బూ లేదు, టికెట్టూ లేదు, డైరీలో గీతా లేదు. మిగిలేది చెప్పినవాడి నోటిమాట ఒక్కటే. ఆ మనిషి దాని వెనక తన ప్రాణం పెడితే అది ప్రమాణం, ఏమీ పెట్టకపోతే ‘వస్తాలే’. రెండింటికీ తేడా వ్యాకరణంలో దొరకదు, గొంతులో, పక్కన చేర్చిన ‘ఎప్పటికీ’, ‘తప్పకుండా’ లాంటి మాటల్లో దొరుకుతుంది.

ఈ రూపం పుట్టుక చూసినా ప్రమాణమే కనిపిస్తుంది. ప్రాచీన లాటిన్లో భవిష్యత్తుకు వేరే తోకలుండేవి. ఉచ్చారణ మారేకొద్దీ అవి ఇతర రూపాలతో కలిసిపోయి గందరగోళమయ్యాయి. జనం వాటి బదులు క్రియ పక్కన ‘కలిగి ఉన్నాను’ అనే మాట చేర్చారు: ‘కంతారె హాబెయో’, అంటే మన లెక్కలో ‘పాడవలసి ఉంది నాకు’. ఆ రెండు మాటలూ అరిగి అరిగి అతుక్కుని ఇవాళ్టి ‘షాఁత్రే’ అయ్యాయి. చివరి ‘ఏ’ ధ్వని ‘నాకు ఉంది’ అనే ‘జే’లోనిదే. రూపాలన్నీ వల్లె వేయలేక బాధపడే విద్యార్థికి ఇది పెద్ద ఊరట. నేను, నువ్వు, అతను, వాళ్లు అనే నాలుగు చోట్లా ‘కలిగి ఉండు’ క్రియ వర్తమాన రూపాలే తోకలు. మేము, మీరు అనే రెండు చోట్ల మాత్రం ఆ రూపాల మొదటి ముక్క రాలిపోయి చివరిది మిగిలింది. 842లో స్ట్రాస్‌బుర్గ్‌లో ఇద్దరు రాజసోదరులు ఒకరికొకరు అండగా ఉంటామని సైన్యాల ముందు ప్రమాణం చేశారు. ఫ్రెంచి భాషకు మాతృరూపమని చెప్పుకునే ఆ పాఠంలో ‘కాపాడతాను’ అనడానికి వాడిన ‘సాల్వరాయ్’ ఈ తోక భవిష్యత్తే. బాధ్యతగా పుట్టి ప్రమాణంగా రాతకెక్కిన రూపం ఇది.

ఆ బాధ్యత వాసన ఇప్పటికీ పోలేదు. ఫ్రెంచి బైబిళ్లలో పది ఆజ్ఞల్లో చేయకూడనివన్నీ సేఁప్ల్‌లోనే ఉంటాయి. ఆఫీసులో పై అధికారి ఈ ఫైలు సోమవారం ఇస్తారు అన్నట్టుగా సేఁప్ల్ వాడితే అది మర్యాద తొడిగిన ఆజ్ఞ. ఆయనకు కాదనే జవాబు వస్తుందన్న ఊహే లేదు. అదే తల్లి విసిగిపోయి కొడుకుతో ‘త్యు వా రాఁజే తా షాఁబ్ర్!’ అంటే, నీ గది సర్దుతావా లేదా అని, ఇక్కడ, ఈ నిమిషంలో. ‘వా’ రాగానే ఆజ్ఞ వేడెక్కుతుంది, ఎందుకంటే అది ఎదురుగా ఉన్న చెత్తలోంచి పుట్టింది. బేకరీలో మాత్రం సేఁప్ల్ మెత్తబడుతుంది. రొట్టె చుట్టి ఇస్తూ దుకాణదారు ‘స సరా తూ?’ అని అడుగుతారు. ఇంకేమైనా కావాలా, అంతేనా అని. డబ్బు చెప్పేటప్పుడు కూడా ‘సా ఫరా’ అని మొదలెడతారు, ఇంత అవుతుందండీ అన్నట్టు. బిల్లు ఇప్పుడే, ఇక్కడే ఉన్నా దాన్ని భవిష్యత్తులోకి ఓ అడుగు జరిపి చెబితే మొహం మీద అడిగినట్టుండదు. మనం ‘అండీ’తో చేసే పని వాళ్లు కొన్నిసార్లు కాలంతో చేస్తారు.

చరిత్ర పుస్తకాల్లో ఇంకో సొగసు కనిపిస్తుంది. నెపోలియన్ 1815లో వాటర్లూలో ఓడాడని రాసి, ఆ వెంటనే సెయింట్ హెలెనా దీవిలో 1821లో ‘మూర్రా’ అని రాస్తారు. మాటకు మాట తెలుగు చేస్తే ‘మరణిస్తాడు’. ఎప్పుడో జరిగిపోయిన చావు భవిష్యత్తులో ఎందుకు? చదివేవాణ్ని 1815లో నిలబెట్టి అక్కణ్నుంచి ముందుకు చూపించడానికి. తెలుగు అనువాదకులు దాన్ని ‘మరణించాడు’ అని మార్చక తప్పదు. ఆ ఎత్తున నిలబడి చూసిన చూపు మాత్రం అనువాదంలో పోతుంది.

‘కాదు’ వచ్చినప్పుడు లెక్క కొంత మారుతుంది. ఫ్రాన్స్‌లో నిరాకరణకు రెండు రూపాలూ వినిపిస్తాయి గానీ ‘నేను వెళ్లను’ అనడానికి ‘జ నిరే పా’ అన్న తోక రూపం చాలా సహజం. దాని బదులు ‘వే’ కట్టుకు ‘పా’ చేర్చి ‘జ న వే పా అతాఁద్ర్ దీజాఁ!’ అంటే పదేళ్లు ఆగుతానా ఏమిటి అనే కసురు వినిపిస్తుంది. ఆగను అనే సమాచారం కంటే, ఎదురుగా జరుగుతున్నదాని మీద కోపం అందులో ఎక్కువ. కెనడాలో క్యూబెక్ ఫ్రెంచిలో ఇది ఇంకా ముదిరింది. అక్కడ మాటల్లో ‘వే’ కట్టు దాదాపు అన్ని చోట్లా రాజ్యమేలుతుంటే, తోక భవిష్యత్తుకు మిగిలిన పెద్ద ఆశ్రయం నిరాకరణ వాక్యాలే. ఒట్టావా విశ్వవిద్యాలయంలో షానా పోప్లాక్ ఈ సంగతిని మామూలు జనం మాటల రికార్డుల నుంచి ఎంతో ఓపికగా తేల్చి, దానిపై 1999లో సహరచయితతో కలిసి వ్యాసం ప్రచురించారు. క్యూబెక్‌లో స్థిరపడ్డ మనవాళ్లు కూడా ఈ తేడా చెవిన వేసుకోవడం మంచిది. లియోఁలో నేర్చిన ఫ్రెంచితో మాంట్రియల్‌లో మాట్లాడితే కొంచెం పుస్తకంలా వినిపించవచ్చు.

స్వరంతో పని లేని కచ్చితమైన నియమం ఒక్కటే చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది అక్కడే. ‘నువ్వు వచ్చినప్పుడు’ అని రేపటి సంగతి చెప్పాలంటే ‘కాఁ’ తర్వాత భవిష్యత్తే రావాలి: ‘కాఁ త్యు అరీవ్రా’. ‘నువ్వు వస్తే’ అనడానికి ‘సి’ తర్వాత ఆ భవిష్యత్తు రాకూడదు, వర్తమానమే: ‘సి త్యు వ్యేఁ’. తెలుగులో ‘వచ్చినప్పుడు’, ‘వస్తే’ రెండూ కాలం తేల్చని రూపాలు. ఇంగ్లీషులో రెండు చోట్లా వర్తమానమే. ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచి నేర్చుకునే మనకు ఆ రెండు అలవాట్లూ అడ్డు పడతాయి.

మూడు రూపాలూ ఒక్కచోట సరిగ్గా కుదిరిన ఉత్తరం ఒకటి చూపిస్తాను. నా దగ్గర ఫ్రెంచి నేర్చుకున్న ఓ అబ్బాయి లియోఁలో ఇంటర్న్‌షిప్ చేశాడు. చేరిన కొత్తల్లో పైఅధికారి రిపోర్టు గురించి అడిగితే ‘జ వూజాఁవెరే ల రపోర్’ అన్నాడు, మీకు రిపోర్టు పంపిస్తాను అని. ఆవిడ మొహం చిట్లించి ‘ఎప్పుడు?’ అంది. వాడికి అర్థం కాలేదు, పంపిస్తానని చెప్పాను కదా అని నాకు ఫోన్ చేశాడు. నీ నోటి నుంచి ‘పంపిస్తాలెండి’ అని వినిపించిందిరా, సాయంత్రమే పంపేటట్టయితే వర్తమానంలో చెప్పు అన్నాను. మర్నాడు ‘జ వూ లాఁవ్వా స స్వార్’ అన్నాడు, సాయంత్రం పంపుతున్నా అని. ఆవిడ తల ఊపి తన పని చూసుకుంది.

కొన్ని నెలల తర్వాత వాడు సెలవు మీద విజయవాడ వస్తూ అదే అధికారికి మూడు వాక్యాలు రాశాడు. మొదటిది: ‘జ పార్ ఆఁనేఁద్ వాఁద్రెది’, శుక్రవారం ఇండియా వెళ్తున్నాను. టికెట్ ఉంది, సెలవు మంజూరైంది, అందుకని వర్తమానం. రెండోది: ‘జ వే ప్రెపారే లె దొస్యే’, ఫైళ్లన్నీ సిద్ధం చేస్తాను. ఆ పనికి ఇంకా రోజూ వేళా పడలేదు గానీ వాడు కూర్చున్నది ఆ ఫైళ్ల ముందే, చెయ్యి వాటి మీదే ఉంది, అందుకని ‘వే’. తెలుగులో అయితే ఇక్కడ ‘సిద్ధం చేయబోతున్నాను’ అనడు. మూడోది: ‘జ రెపోఁద్రే ఓ మెసాజ్ కాఁ జ రాఁత్రరే’, తిరిగొచ్చాక మెసేజీలకు జవాబిస్తాను. ఆ పని మొదలయ్యేది ప్రయాణానికి అవతల, ఇవాళ్టి బల్లతో దానికి సంబంధం లేదు. పైగా ‘కాఁ’ ఉంది. అందుకని రెండు క్రియలకూ తోక భవిష్యత్తే. ఆ వాక్యానికి బరువు ఇచ్చింది ముందు రెండు వాక్యాలు. తేదీ చెప్పినవాడు, పని ముందేసుకు కూర్చున్నవాడు జవాబిస్తానంటే అది ‘ఇస్తాలే’లా వినిపించదు.

ఆవిడ జవాబు ఒక్క వరుసే. ప్రయాణం బాగా జరగాలి అని, ‘ఓఁ స వ్వా ల దూజ్’ అని. పన్నెండో తారీఖున కలుస్తున్నాం.